తాళంచెవి రాని ఇంటికి కంతులు

తిరుపతిలో ఫ్లాటు కొన్నవాడికి బిల్డరు చెప్పే గడువులన్నీ పండగల పేర్లతోనే ఉంటాయి. "గంగజాతరకల్లా ఇచ్చేస్తాం సార్" అంటాడు. జాతర అయిపోతుంది. "బ్రహ్మోత్సవాలకు గృహప్రవేశం పెట్టుకోండి" అంటాడు. గరుడ సేవ కూడా అయిపోతుంది. "వైకుంఠ ఏకాదశి దాటనీండి, ఉగాదికి గ్యారంటీ" అంటాడు. ఇంతలో బ్యాంకు మాత్రం ఏ పండగకూ ఆగదు. ప్రతి నెలా ఐదో తేదీన ఖాతాలోంచి కంతు లాగేసుకుంటుంది. ఉంటున్న ఇంటికి అద్దె, ఉండని ఇంటికి కంతు, ఈ రెండూ ఒకే జీతంలోంచి పోతాయి.

కరకంబాడి రోడ్డు, రేణిగుంట రోడ్డు, తిరుచానూరు బైపాసు, ఇటు చంద్రగిరి వైపు ఎక్కడ చూసినా స్లాబులు పడి ఆగిపోయిన అంతస్తులు కనిపిస్తాయి. వాటి ముందు రంగుల బోర్డు ఇంకా నిలబడే ఉంటుంది. బోర్డు మీద లిఫ్టు, జనరేటరు, పిల్లల పార్కు. లోపల తుప్పు పట్టిన ఇనుప చువ్వలు. దేవస్థానంలో పనిచేసి రిటైరైన ఉద్యోగి పెన్షన్ డబ్బు అక్కడుంది. అమెరికాలో కొడుకు పంపిన డాలర్లు అక్కడున్నాయి. కూతురి పెళ్లికని దాచిన బంగారం అమ్మి తెచ్చిన డబ్బు అక్కడుంది. వీళ్లంతా బిల్డరు ఆఫీసుకు వెళ్తే దొరికేది ఒక కుర్చీ, ఒక గ్లాసు మంచినీళ్లు, "సార్ సైటుకు పోయినారు" అన్న మాట.

నాకు కోపం వచ్చేది ఆలస్యం గురించి మాత్రమే అయితే ఇంత రాయను. ఇసుక దొరకలేదు, కూలీలు రాలేదు, వానలు పడ్డాయి అంటే నెలో రెండు నెలలో ఓర్చుకోవచ్చు. కోపమంతా ఆ ఆలస్యపు ఖర్చు మొత్తం కొన్నవాడే మోయాలన్న ధీమా మీద. బిల్డరుకు ఆ ధీమా ఉంది. ప్లాను మంజూరు చేసి మళ్లీ అటువైపు చూడని అధికారులకు ఉంది. ఏళ్ల తరబడి వాయిదాలేసే వ్యవస్థకూ ఉంది. ఆలస్యం చేసినందుకు ఒక్క రూపాయి ఖర్చు కాకపోతే ఎవడైనా ఎందుకు తొందరపడతాడు? మీరు కట్టిన డబ్బు వడ్డీ లేని అప్పుగా వాడి దగ్గర తిరుగుతోంది. దాంతో ఇంకో చోట ఇంకో స్థలానికి అడ్వాన్సు ఇచ్చి ఉంటాడు. అక్కడ ఇంకో బోర్డు పెట్టి ఉంటాడు.

చట్టం ఈ ధీమాను ఎప్పుడో కొట్టేసింది. 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు ఇళ్లు కట్టి ఇవ్వడం 'సేవ' అని తేల్చి చెప్పింది. సేవలో లోపం జరిగితే వినియోగదారుల చట్టం కింద అడగొచ్చు. కట్టేది ప్రభుత్వ సంస్థ అయినా ప్రైవేటు బిల్డరు అయినా తేడా లేదు. 2012లో మన హైదరాబాదుకు చెందిన నార్నే కన్‌స్ట్రక్షన్ కేసులో ఇంకో అడుగు వేసింది. రోడ్లు, నీళ్లు, కాలువలతో లేఅవుట్ వేసిస్తామని చెప్పి ప్లాట్లు అమ్మినా అది సేవే అంది. ఇప్పుడు అమల్లో ఉన్న 2019 చట్టంలో గృహనిర్మాణం అన్న మాటే స్పష్టంగా ఉంది. ముప్పై ఏళ్లు దాటింది. అయినా తిరుపతిలో, చిత్తూరులో ఇంకా "బిల్డరు మీద కేసేమిటి, రాజీ పడిపోండి" అనే సలహాయే ముందు వినిపిస్తుంది.

ఆ సలహాకు ఒక కారణముంది, దాన్ని నేను కాదనలేను. మన రాష్ట్రంలోనే జరిగిన ఒక కేసు చూడండి. విశాఖపట్నం బుచ్చిరాజుపాలెంలో ఒక స్థలం యజమాని 2004లో శ్రీ వాసుదేవా కన్‌స్ట్రక్షన్స్ అనే సంస్థతో డెవలప్‌మెంటు ఒప్పందం చేసుకున్నాడు. ఐదంతస్తుల అపార్టుమెంటు కట్టాలి. ఫ్లాట్లలో నలభై శాతం స్థలం ఇచ్చినవాడికి, అరవై శాతం కట్టినవాళ్లకు. మునిసిపల్ అనుమతి వచ్చిన నాటినుంచి 19 నెలల్లో పూర్తి చేయాలి. చేయకపోతే ఫ్లాటుకు నెలకు 2,000 రూపాయల అద్దె ఇవ్వాలి. ఇదీ ఒప్పందం. 2006 ఏప్రిల్‌కు గడువు ముగిసింది. ఆ యజమాని వాటాలోని 12 ఫ్లాట్లు చేతికొచ్చింది 2009 మార్చిలో.

లెక్క చాలా తేలిక. పన్నెండు ఫ్లాట్లు, నెలకు 24,000 రూపాయలు. దాదాపు 35 నెలల ఆలస్యం. కేవలం ఒప్పందంలో రాసుకున్న అద్దే ఎనిమిది లక్షల నలభై వేలు అవుతుంది. ప్లానుకు తేడాగా కట్టారని, పనులు పూర్తి చేయలేదని వేరే ఫిర్యాదులు కూడా ఉన్నాయి. ఇవన్నీ తేల్చాల్సిన కేసు "నువ్వసలు వినియోగదారుడివేనా?" అన్న ప్రశ్న దగ్గర చిక్కుకుపోయింది. స్థలం ఇచ్చి వాటా తీసుకున్నావు కాబట్టి నువ్వు వ్యాపార భాగస్వామివి, వినియోగదారుడివి కాదు అని పై కమిషన్లు వెనక్కి పంపాయి. చివరికి 2016 జులైలో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. కట్టడం మీద అజమాయిషీ గానీ, లాభనష్టాల్లో పొత్తు గానీ లేని స్థలం యజమాని వినియోగదారుడే అంది. అసలు సంగతి తేల్చమని కేసును రాష్ట్ర కమిషన్‌కు తిప్పి పంపింది. అంటే గడువు దాటిన పదేళ్లకు ఆ మనిషికి దక్కింది 'నువ్వు అడగొచ్చు' అన్న తీర్పు. ఎంత రావాలో తేలడానికి మళ్లీ మొదటికి.

ఆ తీర్పు తిరుపతికి చాలా అవసరమైనది. ఊళ్లో పాత పెంకుటిళ్లు, తోటలు బిల్డర్లకు వాటా కింద ఇచ్చిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాళ్లకు కూడా కొనుగోలుదారులతో సమానంగా ఈ తలుపు తెరిచే ఉంది. కానీ ఆ తలుపు తెరవడానికి పదేళ్లు పట్టిందన్న మాట తల్చుకుంటే కడుపు మండుతుంది. మూడు నెలల్లో ఫిర్యాదు తేల్చాలని చట్టంలో రాశారు. పరీక్షలు, నిపుణుల నివేదికలు అవసరమైతే ఐదు నెలలు. ఆ మూడు నెలల మాట చట్టంలోనే మిగిలిపోతే కట్టినవాడికి, రాసినవాడికి కూడా సిగ్గు ఉండాలి.

సరే, అడగాలని తేల్చుకున్నవాడు ఏం అడగొచ్చు, ఎంత అడగొచ్చు? ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. అందుకే ఒక ఫ్లాటును ఉదాహరణగా పెట్టుకుని లెక్క కడదాం. రేణిగుంట రోడ్డులో 1,200 చదరపు అడుగుల ఫ్లాటు. ధర 45 లక్షలు. 40 లక్షలు కట్టేశారు. 2023 డిసెంబరుకు తాళంచెవులు ఇవ్వాలి. 2025 డిసెంబరు వచ్చినా ఇవ్వలేదు. రెండేళ్ల ఆలస్యం.

అగ్రిమెంటు తీసి చూస్తే ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంటుంది: ఆలస్యమైతే చదరపు అడుగుకు నెలకు ఐదు రూపాయలు. అంటే నెలకు 6,000. ఏడాదికి 72,000. మీరు కట్టిన 40 లక్షల మీద అది ఏడాదికి రెండు శాతం కూడా కాదు. అదే అగ్రిమెంటులో మీరు ఒక కంతు ఆలస్యం చేస్తే పద్దెనిమిది శాతం వడ్డీ రాసి ఉంటుంది. ఒకే కాగితం మీద రెండు న్యాయాలు! సంతకం చేసేటప్పుడు ఎవరికీ కనపడదు, చూపించే ఓపిక బిల్డరు మనిషికి ఉండదు.

దీనికి సుప్రీంకోర్టు రెండు కేసుల్లో జవాబిచ్చింది. 2019లో పయొనీర్ అర్బన్ కేసులో, కొనుగోలుదారు ఆలస్యం చేస్తే పద్దెనిమిది శాతం, బిల్డరు ఆలస్యం చేస్తే తొమ్మిది శాతం అని రాసుకున్న షరతును ఏకపక్షమని, అది అన్యాయమైన వ్యాపార పద్ధతి అని అంది. ఆ కొనుగోలుదారు కట్టిన డబ్బును బిల్డరు 10.7 శాతం వడ్డీతో తిరిగివ్వాల్సి వచ్చింది. 2020 ఆగస్టులో బెంగళూరు బేగూరు దగ్గర డీఎల్ఎఫ్ సదరన్ హోమ్స్ కేసు. అక్కడ మూడు వందల మందికి పైగా కొనుగోలుదారులు. రెండేళ్ల నుంచి నాలుగేళ్ల దాకా ఆలస్యం. పరిహారం అదే చదరపు అడుగుకు ఐదు రూపాయలు. జాతీయ కమిషన్ వాళ్ల ఫిర్యాదు కొట్టేస్తే సుప్రీంకోర్టు దాన్ని తిరగదోడింది. ఐదు రూపాయలు ఇచ్చేస్తే పని అయిపోయిందనుకోకూడదు, దానికి అదనంగా ఆలస్యమైన కాలానికి కట్టిన సొమ్ము మీద ఏడాదికి ఆరు శాతం ఇవ్వాలి అంది.

మన ఉదాహరణకు దీన్ని వర్తింపజేయండి. 40 లక్షల మీద ఆరు శాతం అంటే ఏడాదికి 2,40,000. రెండేళ్లకు 4,80,000. అగ్రిమెంటు ప్రకారం ఐదు రూపాయల లెక్క 1,44,000. రెండూ కలిపి ఆరు లక్షల పైచిలుకు. ఇంటి తాళాలు కూడా మీకే వస్తాయి. ఇది ఒక దారి. ఇల్లే కావాలి, కానీ ఆలస్యానికి ఖరీదు కట్టు అని అడిగే దారి.

ఇంకో దారి ఇల్లు వద్దు, డబ్బు వెనక్కి ఇచ్చెయ్ అని అడగడం. ఒక మనిషి ఎన్నాళ్లయినా కూర్చుని ఎదురుచూడాలని ఎవరూ బలవంతం చేయలేరని 2019లో కోల్‌కతా వెస్ట్ ఇంటర్నేషనల్ సిటీ కేసులో కోర్టు అంది. గడువు తేదీ అసలే రాయని అగ్రిమెంటు ఉంటే మూడేళ్లు సహేతుకమైన గడువని 2018లో ఫార్చ్యూన్ ఇన్‌ఫ్రా కేసులో అంది. ఈ దారిలో వడ్డీ ఒక్కో చెల్లింపు తేదీ నుంచి లెక్క కట్టాలి. 2022లో ఎక్స్‌పీరియన్ కేసులో అలా తొమ్మిది శాతం వడ్డీతో తిరిగివ్వమంది. సగటున నాలుగేళ్ల కిందట కట్టిన 40 లక్షల మీద తొమ్మిది శాతం అంటే 14,40,000. మొత్తం 54 లక్షల పైన. ఫిర్యాదులో ఈ తేదీల పట్టిక, ఒక్కో రసీదు నంబరుతో సహా, వేరే పేజీలో పెట్టండి. కమిషన్ ముందు ఆ పేజీయే ఎక్కువ మాట్లాడుతుంది.

ఇంతవరకు బాగుంది. కానీ అందినదంతా అడిగి దెబ్బతినేవాళ్లను కూడా చూస్తున్నాం. వడ్డీ అడుగుతారు, దాని మీద అద్దె, దాని మీద బ్యాంకు లోను వడ్డీ, దాని మీద మానసిక వేదనకు ఇరవై లక్షలు. ఒకే నష్టానికి రెండు మూడు పేర్లు పెట్టి పరిహారం ఇవ్వకూడదని 2019లో డీఎల్ఎఫ్ పంచకుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జూన్‌లో మొహాలీ డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో ఇంకా స్పష్టంగా, డబ్బు మీద వడ్డీ ఇచ్చాక బ్యాంకు లోను వడ్డీని కూడా బిల్డరు నెత్తిన వేయలేమంది. అందుకే ఫిర్యాదులో ముందు ఒక్క ప్రధానమైన కోరిక ఉండాలి: ఇల్లు ప్లస్ ఆలస్యపు పరిహారం, లేదా డబ్బు ప్లస్ వడ్డీ. ఆ తర్వాత మానసిక వేదనకు ఒక మోస్తరు మొత్తం, కేసు ఖర్చులు. నీళ్లు కారే గోడ, పగిలిన టైల్సు, ప్లానులో ఉండి కట్టని లిఫ్టు వంటి లోపాలుంటే వాటిని సరిచేయడానికి ఎంతవుతుందో ఒక ఇంజనీరు అంచనాతో వేరుగా అడగాలి. ఇష్టం వచ్చిన అంకె రాస్తే అసలు న్యాయమైన కోరిక కూడా అతిగా కనిపిస్తుంది.

ఇప్పుడు ఈ వ్యాసం రాయడానికి నన్ను అసలు కదిలించిన సంగతికి వస్తాను. ఇది తిరుపతిలో ఆలస్యం కంటే ఎక్కువ, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేకుండా తాళాలు ఇచ్చేయడం. "దిగిపోండి సార్, సర్టిఫికెట్ వెనకాల వస్తాది" అంటారు. పాలు పొంగించి దిగిపోతాం. ఏళ్లు గడుస్తాయి. అది రాదు. ఎందుకంటే పైన ఒక అంతస్తు ఎక్కువ వేశారు, లేదా పార్కింగులో రెండు గదులు కట్టి అమ్మేశారు, లేదా చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా వదల్లేదు. అలాంటి కట్టడానికి సర్టిఫికెట్ ఇవ్వరు. అప్పటికి డబ్బంతా చేతికొచ్చేసిన బిల్డరు ఫోను ఎత్తడు.

మన రాష్ట్రంలో ప్లాను మంజూరు చేసేటప్పుడే కట్టడంలో పది శాతం భాగాన్ని మునిసిపాలిటీకో అథారిటీకో తనఖా కింద పెట్టించుకునే నిబంధన ఉంది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చాకే దాన్ని విడుదల చేయాలి. బిల్డరు ప్లానుకు కట్టుబడి ఉండేందుకు పెట్టిన నిబంధన అది. కొనేముందు ఈసీ తీయించండి, తనఖా పెట్టిన భాగంలో మీ ఫ్లాటు ఉందేమో మంజూరైన ప్లాను కాపీతో సరిచూసుకోండి. కార్పొరేషన్ నుంచి గానీ తుడా నుంచి గానీ సమాచార హక్కు దరఖాస్తు పెట్టి ఆ కాపీ తీసుకోవచ్చు. కానీ నా ప్రశ్న వేరే ఉంది. తనఖా ఉన్న కట్టడంలో జనం కాపురాలు పెట్టేసి ఏళ్లవుతుంటే, ప్లాను ఇచ్చిన వాళ్లకు కనపడదా? ఇంటి పన్ను వసూలు చేసుకునేటప్పుడు కనపడిన ఇల్లు, సర్టిఫికెట్ అడిగేటప్పుడు ఎక్కడికి పోతుంది?

ఈ విషయంలో కూడా దారి ఉందని చాలామందికి తెలియదు. ముంబైలో సమృద్ధి కోఆపరేటివ్ హౌసింగ్ సొసైటీ వాళ్లు 1997లో ఫ్లాట్లలో దిగారు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రాలేదు. దాంతో ఇంటి పన్ను 25 శాతం ఎక్కువ, నీటి బిల్లు 50 శాతం ఎక్కువ కడుతూ వచ్చారు. నాలుగు నెలల్లో సర్టిఫికెట్ తెమ్మని 2014లో కమిషన్ బిల్డరుకు చెప్పినా తేలేదు. ఎక్కువగా కట్టిన డబ్బు తిరిగివ్వమని మళ్లీ వెళ్తే, రెండేళ్ల గడువు దాటిపోయిందంటూ జాతీయ కమిషన్ కొట్టేసింది. 2022 జనవరి 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. సర్టిఫికెట్ తేవడం బిల్డరు బాధ్యత, తేకపోవడం సేవలో లోపం, ఆ లోపం రోజూ కొనసాగుతూనే ఉంటుంది కాబట్టి గడువు దాటిందనడం కుదరదు అంది. మీరు దిగి పదేళ్లయినా, సర్టిఫికెట్ లేకపోతే ఆ తప్పు ఇవాళ కూడా జరుగుతూనే ఉంది. అడగండి.

దీన్ని గడువు విషయంలో మిగతా లోపాలతో కలపకండి. మామూలుగా కేసుకు కారణం పుట్టిన నాటినుంచి రెండేళ్లలో ఫిర్యాదు వేయాలి. తాళాలు ఇవ్వకపోవడం, సర్టిఫికెట్ తేకపోవడం కొనసాగే తప్పులు. కానీ దిగిన తర్వాత గోడ పగుళ్లిచ్చింది, లిఫ్టు ఆగిపోయింది అంటే అది కనపడిన నాటినుంచి రెండేళ్ల గడియారం నడుస్తుంది. అసోసియేషన్ మీటింగులో ప్రతి నెలా దాని గురించి మాట్లాడుకుని, బిల్డరు పెద్దమనిషి ఏదో చేస్తాడని నాలుగో ఏట కేసు వేస్తే, నిజం మీవైపు ఉన్నా గడువు మీవైపు ఉండదు. కట్టడం బలానికి సంబంధించిన లోపమైతే, తాళాలిచ్చిన నాటినుంచి ఐదేళ్లలో చెబితే ముప్పై రోజుల్లో ఉచితంగా సరిచేయాలని రెరా చట్టంలో ఇంకో రక్షణ ఉంది. రెరా ఉంది కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు రాకూడదని బిల్డరు లాయరు అంటే, 2020 నవంబరులో ఇంపీరియా కేసు చూపించండి. రెరా ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకుపోదని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. అయితే ఒకే కోరికతో రెండు చోట్లా పరుగెత్తకూడదు, ఒకటి ఎంచుకోవాలి.

ఇక అడిగే విధానం. ముందు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. చట్టం ప్రకారం తప్పనిసరి కాకపోయినా, బిల్డరు జవాబు ఇవ్వకపోవడమే మీకు సాక్ష్యం అవుతుంది. తర్వాత అగ్రిమెంటు, రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంటు, బ్రోచరు, వాట్సాప్‌లో "ఉగాదికి గ్యారంటీ" అని పంపిన మెసేజీ ప్రింటు, ప్రమాణ పత్రం జతచేసి ఫిర్యాదు. మీరు కట్టిన సొమ్ము 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్, అక్కడినుంచి 2 కోట్ల దాకా విజయవాడలో రాష్ట్ర కమిషన్. చూసేది కట్టిన సొమ్మునే, అడిగే పరిహారాన్ని కాదు. మన ఉదాహరణలో 40 లక్షలు కాబట్టి జిల్లా కమిషనే, ఫీజు వెయ్యి రూపాయలు. లాయరు పెట్టుకోవాలన్న నిర్బంధం లేదు. 2019 చట్టం తెచ్చిన మంచి మార్పు ఒకటుంది: మీరు నివసించే చోటే వేయొచ్చు. బెంగళూరులోనో చెన్నైలోనో ఫ్లాటుకు డబ్బు కట్టి చిత్తూరులో, పలమనేరులో ఉండేవాళ్లు అక్కడి దాకా తిరగనవసరం లేదు. చిత్తూరులోనే వేయొచ్చు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్లో ఇంట్లో కూర్చుని వేయొచ్చు.

నోటీసు అందిన బిల్డరు ముప్పై రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. కమిషన్ మహా అయితే ఇంకో పదిహేను రోజులు ఇవ్వగలదు. అంతకు మించి ఒక్క రోజు కూడా ఇచ్చే అధికారం లేదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. వాయిదా అడిగితే ఈ మాట గట్టిగా గుర్తుచేయండి. ఓడిన బిల్డరు రాష్ట్ర కమిషన్‌కు అప్పీలుకు పోవాలంటే 45 రోజుల్లో పోవాలి, ఆర్డరులోని సొమ్ములో సగం ముందు జమ చేయాలి. ఆర్డరు వచ్చినా డబ్బు ఇవ్వకపోతే అమలు పిటిషను వేయండి. కమిషన్ ఆర్డరును సివిల్ కోర్టు డిక్రీలా అమలు చేస్తారు. పాటించనివాడికి నెల నుంచి మూడేళ్ల దాకా జైలు శిక్ష వేసే అధికారం కూడా కమిషన్‌కు ఉంది. ఈ ఒక్క మాట నోటీసులో రాస్తే ఎన్నాళ్లో ఎత్తని ఫోను ఎత్తిన వాళ్లను చూశాను.

కొన్ని హద్దులు కూడా చెప్పాలి. లాభానికి తిప్పి అమ్ముకుందామని నాలుగైదు ఫ్లాట్లు కొన్నవాడు వ్యాపార ఉద్దేశం కింద పడిపోయే ప్రమాదం ఉంది. స్థలం హక్కు మీదే తగాదా ఉంటే కమిషన్ సివిల్ కోర్టుకు పొమ్మంటుంది. తాళాలు తీసుకునేటప్పుడు "నాకు ఏ బాకీ లేదు, పరిహారం అడగను" అని సంతకం పెట్టించుకుంటారు. పెట్టకండి. రిజిస్ట్రేషను చేయించుకున్నంత మాత్రాన ఆలస్యపు పరిహారం హక్కు పోదని ఆ బెంగళూరు కేసులోనే కోర్టు చెప్పింది. ఇల్లు కావాలా పరిహారం కావాలా తేల్చుకో అని మెడ మీద కత్తి పెట్టే హక్కు బిల్డరుకు లేదు.

కానీ నేను కొన్నవాళ్లకు చెప్పి ఊరుకోను. ప్రభుత్వానికి చెబుతాను: కమిషన్లలో అధ్యక్షుడో సభ్యుడో లేక బెంచి నడవని నెలలు బిల్డరుకు బహుమతి. 2021లో దేశమంతటా ఖాళీల గురించి సుప్రీంకోర్టే స్వయంగా కేసు చేపట్టి మందలించాల్సి వచ్చింది. పదవి ఖాళీ అయ్యే తేదీ ముందే తెలుస్తుంది, నియామకం ముందే చేయండి. కమిషన్లకు చెబుతాను: రెండేళ్లు నిద్ర పోగొట్టుకున్న మనిషికి మానసిక వేదన కింద ఐదు వేలు రాసి చేతులు దులుపుకోకండి. ఆలస్యం ఎంత లాభం తెచ్చిందో చూసి పరిహారం కట్టండి. కార్పొరేషనుకు, తుడాకు చెబుతాను: తనఖా పెట్టించుకున్న పది శాతం మీ చేతిలో ఆయుధం. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయకండి. సర్టిఫికెట్ లేని కట్టడంలో మొదటి కుటుంబం దిగిన రోజే బిల్డరుకు నోటీసు వెళ్లాలి.

ఇంకా ఎదురుచూస్తున్నవాళ్లకు ఒక్క మాట. వచ్చే పండగదాకా ఆగమని బిల్డరు చెబితే ఆ మాట కాగితం మీద రాసి సంతకం చేయమనండి. చేయకపోతే ఈ వారమే నోటీసు పంపండి. పక్క ఫ్లాటువాళ్లు, కింద ఫ్లాటువాళ్లు కలిస్తే ఒకే రకం కష్టం ఉన్నవాళ్లంతా కమిషన్ అనుమతితో ఒకే ఫిర్యాదు వేయొచ్చు. ఒక్కరుగా వెళ్తే 'ఆ సార్ ఎప్పుడూ గొడవే' అంటారు. ముప్పై ఇళ్లవాళ్లు ఒక్కసారి వెళ్తే ఎవడూ అలా అనలేడు. మీ డబ్బు మీద వడ్డీ మీ హక్కు. దాన్ని దయగా కాదు, బాకీగా అడగండి.